యాడ్ ఆపితే అమ్మకం ఎంత తగ్గుతుంది? జిల్లాలు విడగొట్టి తేల్చుకోవడం ఎలా

మీరు ఆన్‌లైన్‌లో పొడులు, పచ్చళ్లు అమ్ముతున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లకు నెలనెలా డబ్బు కడుతున్నారు. యాడ్స్ మేనేజర్ తెరిస్తే ఒక్కో కొనుగోలుకు 200 రూపాయలు ఖర్చయిందని చూపిస్తోంది. ఒక్కో ఆర్డర్ మీద మీకు 310 రూపాయలు మిగులుతాయి కాబట్టి లాభమే అనిపిస్తుంది. కానీ ఆ కొన్నవాళ్లలో యాడ్ లేకపోయినా కొనేవాళ్లు ఎంతమంది? దానికి ఆ స్క్రీన్ మీద జవాబు ఉండదు.

ఎందుకంటే అది వేసే లెక్కే వేరు. మెటాలో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం, యాడ్ మీద నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా ఊరికే చూసి ఒక రోజులోపు కొన్నా, ఆ అమ్మకం యాడ్ ఖాతాలో పడుతుంది. ఖమ్మంలో ఒకావిడ ప్రతి నెలా మీ దగ్గర కందిపొడి తెప్పించుకుంటుందనుకోండి. డబ్బా అయిపోయింది, ఆర్డర్ పెట్టాలనుకుంది. మధ్యాహ్నం ఇన్‌స్టాలో మీ రీల్ కనిపించింది. సాయంత్రం ఆర్డర్ పెట్టింది. ఆ ఆర్డర్ తెచ్చింది యాడేనని రిపోర్టులో ఉంటుంది. పైగా యాడ్ ఎవరికి చూపాలో తేల్చే సాఫ్ట్‌వేర్‌కి మీరు అప్పజెప్పిన పని కొనేవాళ్లను వెతకమనే. ఎలాగూ కొనబోయేవాళ్లే దానికి ముందు దొరుకుతారు. ఇందులో మోసం లేదు గానీ, మీకు కావలసిన లెక్క మాత్రం ఇది కాదు.

కావలసిన లెక్క తెలియాలంటే కొంతమందికి యాడ్ చూపకుండా ఉంచి, వాళ్లు ఎంత కొన్నారో చూడాలి. మనుషుల్ని చీటీ వేసినట్టు విడగొట్టి ఈ పరీక్ష చేసే సదుపాయం మెటా దగ్గరే ఉంది, కాకపోతే అన్ని ఖాతాలకూ దొరకదు. అందుకని మనం మనుషుల బదులు ఊళ్లను విడగొడదాం. ఈబే సంస్థలో పనిచేసిన ఆర్థికవేత్తలు సెర్చ్ యాడ్ల మీద ఇదే చేశారు. అమెరికాలో కొన్ని ప్రాంతాల్లో యాడ్లు ఆపి, కొన్నిటిలో నడిపి, అమ్మకాలు పోల్చారు. అది 2015లో ఎకనొమెట్రికా పత్రికలో వచ్చింది. తరచూ కొనేవాళ్ల విషయంలో ఆ యాడ్లకు పెట్టిన ఖర్చు దాదాపు వృథా అని తేలింది. కొత్తవాళ్ల మీద మాత్రం కొంత పనిచేశాయి. మీ సంగతి వేరుగా ఉండొచ్చు, అందుకే మీ పరీక్ష మీరు చేసుకోవాలి.

ముందు ఆర్డర్ల పుస్తకం సరిచేసుకోండి

ఈ పరీక్షలో యాడ్స్ మేనేజర్ అంకెలు నమ్మకూడదు. మీ సొంత ఆర్డర్ల లిస్టే ఆధారం. వెబ్‌సైట్ నుంచి ఎక్సెల్ షీట్ దించుకోండి. వాట్సాప్‌లో, ఫోన్‌లో వచ్చిన ఆర్డర్లు కూడా పిన్‌కోడ్‌తో సహా అందులో ఎక్కించండి. యాడ్ చూసి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లను వదిలేస్తే యాడ్‌కి అన్యాయం చేసినట్టే.

పిన్‌కోడ్‌లో మొదటి మూడు అంకెలు మన రెండు రాష్ట్రాల్లో దాదాపు పాత జిల్లాలతో సరిపోతాయి. 505 కరీంనగర్, 506 వరంగల్, 507 ఖమ్మం, 516 కడప, 518 కర్నూలు, 524 నెల్లూరు. పరీక్షకు ఈ మాత్రం చాలు. షాపిఫై లాంటి చోట్ల నుంచి దించిన ఫైల్లో పిన్‌కోడ్ ముందు ఒక చిన్న కొటేషన్ గుర్తు వస్తుంటుంది. దాన్ని తీసేసి మూడంకెలు పట్టుకునే ఫార్ములా ఇది (పిన్‌కోడ్ B కాలమ్‌లో ఉందనుకుంటే):

```
=LEFT(SUBSTITUTE(B2,"'",""),3)
```

ఇక్కడ మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు నెల్లూరులో ఉన్న అమ్మానాన్నలకు మీ దగ్గర గోంగూర పచ్చడి పంపిస్తాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి కడపలో అత్తగారింటికి పంపిస్తుంది. డెలివరీ పిన్‌కోడ్ నెల్లూరుది, కడపది. యాడ్ చూసిన మనిషి మాత్రం అక్కడ లేడు. అందుకే బిల్లింగ్ అడ్రస్, డెలివరీ అడ్రస్ వేరువేరు జిల్లాలవైతే ఆ ఆర్డర్‌ని పరీక్షలోంచి తీసేయండి. యాడ్ ఆపే జిల్లాల్లోనూ, నడిపే జిల్లాల్లోనూ ఒకే నియమంతో తీస్తారు కాబట్టి పక్షపాతం రాదు.

క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో తిరిగొచ్చినవి కూడా లెక్కలోంచి పోవాలి. యాడ్ చూసి హడావిడిగా పెట్టిన ఆర్డర్, కొరియర్ అబ్బాయి తలుపు కొట్టేసరికి "వద్దులే" అయిపోవడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. కస్టమర్ చేతికి అందినవే అమ్మకాలు.

జిల్లాలను జతలు కట్టండి

హైదరాబాద్‌ను పరీక్షలో పెట్టొద్దు. అదొక్కటే మిగతా జిల్లాలన్నిటికంటే బరువు. ఏ వైపు వేసినా ఆ వైపు మొగ్గిపోతుంది. దాని చుట్టుపక్కల 501, 502 కూడా అంతే. గుంటూరు, విజయవాడల మధ్య రోజూ తిరిగే జనం వేలల్లో ఉంటారు, ఫోన్ ఎక్కడుందో యాడ్‌కి రోజుకో రకంగా కనిపిస్తుంది. ఆ రెండూ పెట్టాలంటే ఒకే వైపు పెట్టాలి, లేదా వదిలేయాలి. వదిలేయడమే నయం.

మిగిలినవాటిలో గత ఆరు నెలల ఆర్డర్లు చూసి, సైజులో దగ్గరగా ఉన్నవాటిని జత చేయండి. ఉదాహరణకు వరంగల్–కరీంనగర్, ఖమ్మం–నిజామాబాద్, నెల్లూరు–కర్నూలు, కడప–అనంతపురం, ప్రకాశం–శ్రీకాకుళం, నల్గొండ–మహబూబ్‌నగర్. మీ షీట్‌లో వేరే జతలు కుదరొచ్చు. ప్రతి జతకూ బొమ్మా బొరుసూ వేసి, పడినదాన్ని "ఆపే వైపు" పెట్టండి. రెండోది "నడిపే వైపు". నాణెం ఎందుకంటే, చేత్తో ఎంచితే ఎవరికైనా బాగా అమ్ముడయ్యే జిల్లాలో యాడ్ ఆపడానికి మనసొప్పదు. పడుకున్న జిల్లాల్లోనే ఆపుతారు. తర్వాత అక్కడ అమ్మకం తగ్గితే అది యాడ్ లేక తగ్గిందో, ఎప్పటిలా తగ్గిందో చెప్పలేరు.

బడ్జెట్ దగ్గరే చాలామంది జారిపడతారు

ఇప్పుడు మీకు రోజుకు 10,000 రూపాయల క్యాంపెయిన్ ఒకటి రెండు రాష్ట్రాల మీదా నడుస్తోందనుకుందాం. అందులోంచి ఆపే వైపు జిల్లాలను తీసేశారు. ఏమవుతుంది? ఆ జిల్లాల మీద పోయే డబ్బు ఆగదు, మిగతా చోట్లకు మళ్లుతుంది. నడిపే వైపు యాడ్లు ముందుకంటే ఎక్కువ కనిపిస్తాయి, అమ్మకం పెరుగుతుంది, తేడా పెద్దదిగా కనపడుతుంది. మీరు కొలిచింది మామూలు యాడ్‌కీ యాడ్ లేకపోవడానికీ మధ్య తేడా కాదు, పెంచిన యాడ్‌కీ యాడ్ లేకపోవడానికీ మధ్య తేడా.

అందుకని పరీక్షకు ముందే క్యాంపెయిన్‌ను మూడు ముక్కలు చేయండి. హైదరాబాద్, మిగతా ఊళ్లు ఒకటి, నడిపే వైపు ఒకటి, ఆపే వైపు ఒకటి. బడ్జెట్ కూడా వేరువేరుగా కట్టేయండి. మన ఉదాహరణలో 4,200, 2,900, 2,900. లొకేషన్ పెట్టేచోట ప్రతి క్యాంపెయిన్‌లోనూ మిగతా రెండిటి ఊళ్లను `Exclude` చేయండి. జిల్లా పేరు దొరక్కపోతే అందులో పెద్ద ఊళ్లను పెట్టి, చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర ఇవ్వొచ్చు. రెండు వైపుల వలయాలు ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోండి.

కొత్త క్యాంపెయిన్లు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఒక్కో యాడ్ సెట్‌కు వారానికి 50 దాకా కొనుగోళ్లు వస్తే లెర్నింగ్ దశ దాటుతుందని మెటా చెబుతుంది. కాబట్టి మూడు ముక్కలూ నడుస్తుండగానే ఎనిమిది వారాలు గడవనివ్వండి. ఈ ఎనిమిది వారాల లెక్కే రేపు మీ కొలబద్ద. ఆ తర్వాత మీరు చేసేది ఒక్కటే, ఆపే వైపు క్యాంపెయిన్‌ను పాజ్ చేయడం.

పాజ్ చేశాక మొదటి వారం వదిలేయండి. నిన్నటి యాడ్ చూసినవాళ్లు ఇంకా కొంటూ ఉంటారు. ఆ తర్వాత ఆరు వారాలు లెక్కపెట్టండి. సంక్రాంతి, దసరా, ఆవకాయ రోజులు ఇందులో పడకుండా చూడండి. అప్పుడు ఒక్కో జిల్లా ఒక్కో రకంగా కొంటుంది. పరీక్ష నడిచినన్ని రోజులూ రెండు వైపులకూ ఒకే ధర, ఒకే డిస్కౌంట్, ఒకే వాట్సాప్ మెసేజ్. ఆపే వైపు అమ్మకం తగ్గుతుంటే టెన్షన్ పడి అక్కడికి మాత్రం ఆఫర్ పంపారో, పరీక్ష అక్కడితో పోయినట్టే. ఏదైనా రీల్‌ని బూస్ట్ చేసే అలవాటుంటే అదీ ఆపండి. బూస్ట్ కూడా యాడే, దానికి లొకేషన్ వేరుగా ఉంటుంది, అందరూ మర్చిపోయేది దాన్నే.

నిజంగా ఆగిందో లేదో చూడండి

ఆపే వైపు జిల్లాల్లో యాడ్ లింక్ నుంచి వచ్చిన ఆర్డర్లు ఎన్నో ప్రతి వారం చూడండి. యాడ్ లింకుల్లో `utm_source=facebook` లాంటి గుర్తు పెట్టి ఉంటే, ఆర్డర్ ఏ లింక్ నుంచి వచ్చిందో వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఆ సంఖ్య బాగా పడిపోవాలి. సున్నా కాదు. ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, పాత లింక్ దాచుకున్నవాళ్లు, ఫోన్ సిగ్నల్ హైదరాబాద్‌ది అనిపించి యాడ్ చూసేసినవాళ్లు కొంతమంది ఉంటారు. వారానికి 80 వచ్చేచోట 8 వస్తే పర్వాలేదు. 40 వస్తుంటే ఎక్కడో క్యాంపెయిన్‌లో `Exclude` పెట్టడం మర్చిపోయారు. ఇలా కారిపోయిన యాడ్ వల్ల తేడా ఉన్నదానికంటే చిన్నదిగానే కనిపిస్తుంది, పెద్దదిగా కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

లెక్క కట్టడం

అంకెలు ఇలా వచ్చాయనుకుందాం. యాడ్లు రెండు వైపులా నడిచిన ఎనిమిది వారాల్లో నడిపే వైపు 2,100, ఆపే వైపు 2,000 ఆర్డర్లు. పరీక్ష ఆరు వారాల్లో నడిపే వైపు 1,620, ఆపిన వైపు 1,358.

ఆపిన వైపు యాడ్ ఆపకుండా ఉండుంటే ఎన్ని వచ్చేవి? పాత నిష్పత్తే చెబుతుంది:

```
1620 × 2000 ÷ 2100 = 1543
1543 − 1358 = 185
185 ÷ 1543 = 12%
```

అంటే యాడ్ నడిచేచోట వచ్చే ప్రతి వంద ఆర్డర్లలో పన్నెండు యాడ్ వల్ల వచ్చినవి. మిగతా 88 ఎలాగూ వచ్చేవే. నడిపే వైపు 1,620లో 12 శాతమంటే సుమారు 194. అదే ఆరు వారాలకు అక్కడ 610 కొనుగోళ్లు తెచ్చానని యాడ్స్ మేనేజర్ చెప్పుకుంది. మూడింట రెండు వంతులు ఎలాగూ వచ్చే ఆర్డర్లే.

నడిపే వైపు రోజుకు 2,900 చొప్పున 42 రోజులకు ఖర్చు 1,21,800. 610తో భాగిస్తే 200 రూపాయలు. 194తో భాగిస్తే 628. ఆర్డర్‌కు మిగిలేది 310.

ఇక్కడితో ఆగి బడ్జెట్ కోసేయాలనిపిస్తుంది. ఆగండి. 185 అనే ఆ తేడాలో ఎంత యాడ్ వల్ల వచ్చింది, ఎంత ఊరికే వచ్చింది? యాడ్ అలాగే నడుస్తున్నా ఒక నెల కర్నూలు ఎక్కువ కొంటుంది, ఒక నెల నెల్లూరు.

ఉత్తి పరీక్షతో సరిచూసుకోండి

పోయిన ఏడాది ఆర్డర్లు తీసుకోండి. అప్పుడు యాడ్లు రెండు వైపులా నడుస్తూనే ఉన్నాయి. అదే జిల్లాలు, అదే పద్ధతి. ఏదో ఒక ఎనిమిది వారాల నిష్పత్తి పట్టుకుని, ఒక వారం వదిలి, తర్వాతి ఆరు వారాలకు అంచనా కట్టి, అసలు వచ్చినదానితో పోల్చండి. అప్పుడు మీరేమీ ఆపలేదు కాబట్టి తేడా సున్నా రావాలి. రాదు. 3 శాతమో, 5 శాతమో అటో ఇటో వస్తుంది. మొదలుపెట్టే వారాన్ని మారుస్తూ పోతే ఏడాదిలో ఎన్నో ఉత్తి పరీక్షలు వస్తాయి. పండగ వారాలు వదిలేయండి. వాటిలో అన్నిటికంటే పెద్ద తేడా ఎంతో రాసుకోండి. నిజానికి ఈ పనిని పాజ్ నొక్కకముందే చేసి పెట్టుకోవాలి. ఉత్తి తేడాలే 20 శాతం దాకా ఊగుతుంటే, ఆ జతలతో పరీక్ష మొదలుపెట్టడమే దండగ.

మన ఉదాహరణలో అతి పెద్ద ఉత్తి తేడా 9 శాతం అనుకుందాం. 1,543లో 9 శాతం అంటే 139. అసలు తేడా 185. ఊరికే వచ్చే ఊగులాటకంటే ఎక్కువ కాబట్టి యాడ్ ఎంతో కొంత పనిచేస్తోందని చెప్పొచ్చు. ఎంత అంటే మాత్రం 185 అని కాదు, 46 నుంచి 324 మధ్యలో ఎక్కడో అనాలి. చాలా వెడల్పైన జవాబే. దీన్ని నడిపే వైపుకు మార్చి ఖర్చు కడితే, అడుగున 48 ఆర్డర్లు, ఒక్కోదానికి సుమారు 2,540 రూపాయలు. పైన 340 ఆర్డర్లు, ఒక్కోదానికి 358.

అన్నిటికంటే మంచి అంకె తీసుకున్నా 358 ఖర్చు, 310 మిగులు. యాడ్ ఎంత పనిచేస్తోందో కచ్చితంగా తెలియకపోయినా, మొదటి ఆర్డర్ మీద ఆ ఖర్చు తిరిగి రావట్లేదని మాత్రం తెలిసింది. మీరు తీసుకోవలసిన నిర్ణయానికి ఇంతే కావాలి. మిగులు 500 ఉండుంటే కథ వేరు. మధ్య అంచనా నష్టం అంటుంది, పై అంచనా లాభం అంటుంది. అప్పుడు పరీక్షను ఇంకో ఆరు వారాలు పొడిగించాల్సిందే.

చిన్న దుకాణాల విషయం కూడా చెప్పాలి. పరీక్ష రోజుల్లో ఒక్కో వైపు 500 ఆర్డర్లు కూడా రాకపోతే, ఆరో వంతు కంటే చిన్న తేడాను ఈ పద్ధతి పట్టలేదు. రూపాయల్లో కాకుండా ఆర్డర్ల సంఖ్యలో కొలిచింది కూడా ఊగులాట తగ్గడానికే. ఒక పెళ్లివారు 40 కిలోల ఆర్డర్ ఇస్తే రూపాయల లెక్కలో ఆ జిల్లా ఆ వారం ఎక్కడికో పోతుంది.

మరి ఇప్పుడేం చేయాలి

మొదటి ఆర్డర్ మీద నష్టం అనగానే యాడ్ దండగ అనుకోనక్కర్లేదు. యాడ్ తెచ్చిన మనిషి మళ్లీమళ్లీ కొంటే గిట్టుబాటు కావచ్చు. 628కి 310 చొప్పున అంటే ఒక్కొక్కరు కనీసం రెండుసార్లకు పైగా కొనాలి. మీ షీట్‌లో కొత్తగా వచ్చినవాళ్లు ఆరు నెలల్లో సగటున ఎన్నిసార్లు కొన్నారో చూడండి. అది 1.4 అయితే 434 రూపాయలే వస్తాయి, చాలదు. 2.5 అయితే 775 వస్తాయి, నడపొచ్చు.

చాలకపోతే మొత్తం ఆపకండి. ఈ పరీక్ష చెప్పింది సగటు మాత్రమే. యాడ్ మీద పెట్టే మొదటి వెయ్యికి వచ్చే ఫలితం, పదో వెయ్యికి రాదు. అందులోనూ, ఇప్పటికే మీ వెబ్‌సైట్‌కు వచ్చి వెళ్లినవాళ్లకు మళ్లీ చూపే రీటార్గెటింగ్ యాడ్లు రిపోర్టులో అన్నిటికంటే అందంగా కనిపిస్తాయి. కార్ట్‌లో వస్తువు పెట్టి వెళ్లిన మనిషి చాలావరకు తిరిగొస్తాడు, మధ్యలో యాడ్ అతని ముందు నిలబడి అమ్మకం తనదంటుంది. నా అనుమానం ఎప్పుడూ ముందు వాటి మీదే. కోత అక్కడ మొదలుపెట్టండి, కాకపోతే అదీ పరీక్ష చేసే.

రెండో పరీక్షకు వైపులు మార్చండి. ఇప్పటిదాకా నడిపిన జిల్లాల్లో రీటార్గెటింగ్ ఒక్కటే ఆపండి, కొత్తవాళ్లకు చూపే యాడ్లు రెండు వైపులా నడవనివ్వండి. దీనికి ముందు నాలుగు వారాలు అన్ని చోట్లా అన్ని యాడ్లూ మామూలుగా నడవాలి. ఆ నాలుగు వారాల్లో ఇంకొకటి కూడా గమనించండి. మొదటి పరీక్షలో 1,620కి 1,358, అంటే 0.84 దాకా పడిన నిష్పత్తి, యాడ్లు తిరిగి మొదలయ్యాక మళ్లీ 0.95 దగ్గరికి రావాలి. వస్తే తేడా యాడ్ వల్లేనని ఇంకో సాక్ష్యం దొరికినట్టు. యాడ్లు నడుస్తున్నా 0.84 దగ్గరే ఉండిపోతే, ఆ జిల్లాల్లో అమ్మకం తగ్గడానికి కారణం ఇంకేదో ఉంది. కొరియర్ ఆలస్యాలు, పక్కన కొత్తగా వచ్చిన పోటీ దుకాణం లాంటివి చూసుకుని, 185 అనే అంకెను పక్కన పెట్టి మొదటి పరీక్షే మళ్లీ చేయండి.